మనల్ని మనమే ఓనర్స్ రిస్క్ మీద బుక్ చేసుకోవద్దు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి. కొందరికి కోపం రావచ్చు. వచ్చినా ఫరవాలేదు, చివరిదాకా చదివిన తర్వాత కోప్పడండి.

తమిళనాట ఉన్న మన తెలుగు సంఘాల్లో ఒక అలవాటు వేరు పట్టింది. ఎవరు మైకు పట్టుకున్నా మొదటి మాట ఒకటే: "మాది అరవ తెలుగండీ, తప్పులుంటే నవ్వుకోండి." సభ నవ్వుతుంది. మాట్లాడేవాడికి ధైర్యం వస్తుంది. ఇంతవరకూ తప్పేమీ లేదు. ఆ మాటనే జేబులో పెట్టుకుని కలెక్టరాఫీసుకు, వకీలు దగ్గరికి, ఆడిటర్ దగ్గరికి, పత్రిక సంపాదకుడి దగ్గరికి తీసుకుపోతున్నారే, నా తగువు దానితోనే. మనల్ని మనమే వెక్కిరించుకునే హాస్యం మనవాళ్ళ నడుమ పేరు తెస్తుంది. పని తెలిసినవాడి ముందు, పని కోసం పోయినప్పుడు, అదే హాస్యం మన మాట విలువను తీసేస్తుంది. రెండింటికీ నడుమ గీత ఎక్కడుందో చెప్పడమే ఈ రాత.

ముందు పేరు తెచ్చే రకం చూద్దాం. మన సంఘంలోనే ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా డాక్టరు. ఏ కూటంలో మాట్లాడినా తనకు స్కూటర్ తొక్కడం రాదని, భార్య వెనక కూర్చుని వస్తాడని, బండి మీద గుళ్ళో పొంగలి గిన్నె పట్టుకునే ఉద్యోగం మాత్రం తనదేనని చెప్పి నవ్విస్తారు. ఆయన పేరు చెప్తే అందరి మొహంలో ముందు నవ్వు వస్తుంది. ఆ తర్వాత "జ్వరమైతే ఆయన దగ్గరికే పోవాలి" అంటారు. హాస్యం ఆయనకు నష్టం చేయలేదు, మనిషిని దగ్గర చేసింది. కారణం ఏమిటి? ఆయన వెక్కిరించుకునేది స్కూటర్ విద్యను. మనం ఆయన దగ్గరికి పోయేది వైద్యానికి. ఆ రెండూ వేరు వేరు పెట్టెలు. ఆయన ఎన్నడైనా "నాకు స్టెతస్కోపులో ఏమీ వినపడదండీ" అన్నారా? అనరు. అంటే ఆ మరుదినమే సగంమంది వేరే డాక్టరును వెతుక్కుంటారు.

మద్రాసు తెలుగువాళ్ళకు బాగా తెలిసిన పేరు ఒకటి చెప్తాను. భానుమతి రామకృష్ణగారు. ఆమె రాసిన 'అత్తగారి కథలు' చదవని పాత తరం తెలుగు ఇల్లు అరుదు. ఆ కథల్లో ఇల్లంతా అత్తగారి పెత్తనం. కథ చెప్పే కోడలు ఆమె ముందు తగ్గి ఉండే మనిషి. చదివేవాళ్ళు నవ్వినారు, ఆమెను తమ ఇంటి మనిషి అనుకున్నారు. కానీ ఆ కోడలు బయట ఎవరు? భరణీ సంస్థ యజమానుల్లో ఒకరు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ డైరెక్ట్ చేసిన మనిషి. నటి, గాయని, నిర్మాత. ఆమె వంటింట్లో తగ్గింది గాని కెమెరా దగ్గర తగ్గలేదు. వంటింటి హాస్యం ఆమె పేరుకు తేనె పూసింది. ఆ పేరుకు కింద పునాది వేసింది మాత్రం పని. పునాది లేకుండా తేనె పూసేవాళ్ళను చూస్తే నాకు చింత.

దీన్ని గురించి అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్షే చేసినారు. 1966లో ఇలియట్ ఆరన్సన్ అనే ప్రొఫెసర్, ఆయన తోటివాళ్ళు మినెసోటా విశ్వవిద్యాలయం విద్యార్థులకు టేపులు వినిపించినారు. టేపులో ఒకడు క్విజ్ పోటీకి ఎంపిక కోసం ప్రశ్నలకు జవాబులు చెప్తుంటాడు. ఒక రకం టేపులో వాడు గట్టివాడు, నూటికి 92 ప్రశ్నలకు సరైన జవాబు చెప్తాడు. ఇంకో రకంలో వాడు మామూలువాడు, నూటికి 30కి మాత్రమే చెప్తాడు. ప్రతి రకంలోనూ కొందరికి చివర ఒక చిన్న సంఘటన వినిపించినారు. వాడు కాఫీ తన బట్టల మీదే ఒలకబోసుకుంటాడు. విన్న తర్వాత "ఈ మనిషి మీకు ఎంత నచ్చినాడు" అని అడిగినారు. గట్టివాడు కాఫీ ఒలకబోసుకుంటే ఇంకా ఎక్కువ నచ్చినాడు. మామూలువాడు ఒలకబోసుకుంటే ఉన్న కాస్త ఇష్టమూ పోయింది. ఒకటే కాఫీ. ఒకరికి అలంకారం, ఇంకొకరికి మరక.

ఇందులో నాకు మూడు సంగతులు కనిపించినాయి. ఒకటి, వరుస. 92 ముందు వచ్చింది, కాఫీ తర్వాత ఒలికింది. మనవాళ్ళు ముందే కాఫీ ఒలకబోసి, "ఇప్పుడు నా 92 వినండి" అంటున్నారు. అప్పటికి వినేవాడు చెవి మూసేసి ఉంటాడు. రెండు, ఒలికింది కాఫీ. క్విజ్ విద్యకూ కాఫీకీ సంబంధం లేదు. వాడు జవాబులే తడబడి ఉంటే అది హాస్యం కాదు, సాక్ష్యం. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ పరీక్ష కొలిచింది ఇష్టాన్ని, నమ్మకాన్ని కాదు. నచ్చిన మనిషి వేరు, పని అప్పజెప్పదగిన మనిషి వేరు. రిజిస్టరులో అవి రెండు వేరు కాలాలు. మన సంఘంలో ఒక కాలం నిండితే రెండోది తనంతట నిండుతుందని అనుకుంటున్నారు. నిండదు.

నేను ముప్పై చిల్లర సంవత్సరాలు రైల్వేలో గుమాస్తాగా పని చేసినవాణ్ణి. ఆ పనిలో చూసిన ఒక సంగతి ఈ విషయానికి సరిగ్గా సరిపోతుంది. సరుకు బుక్ చేసేటప్పుడు పంపేవాడు ఫార్వర్డింగ్ నోట్ అనే కాగితం నింపి ఇవ్వాలి. సరుకు ఏమిటి, ఎన్ని మూటలు, ఎట్లా కట్టినారు, అన్నీ అందులో ఉంటాయి. పంపేవాడో వాడి మనిషో ఆ కాగితంలో "కట్టు సరిగా లేదు" అని, లేదా "సరుకు ముందే దెబ్బ తినే స్థితిలో ఉంది" అని తన చేతితో రాసినాడనుకోండి. దారిలో ఆ లోపం వల్ల సరుకు పాడైతే రైల్వే బాధ్యత ఉండదు. 1989 రైల్వే చట్టం 98వ సెక్షన్ చెప్పేది అదే. రైల్వే వాళ్ళు అశ్రద్ధ చేసినారని సరుకువాడే రుజువు చేయగలిగితే తప్ప క్లెయిమ్ నిలవదు. అదే విధంగా ఓనర్స్ రిస్క్ రేటు అని ఒకటి ఉంది. కూలి తక్కువ పడుతుంది, కానీ నష్టం వస్తే రుజువు బరువు యజమాని నెత్తిన.

మనల్ని మనం వెక్కిరించుకునే హాస్యం సరిగ్గా అదే. చవగ్గా ఒక నవ్వు దొరుకుతుంది. రిస్కు అంతా మనదవుతుంది. ఎదుట కూర్చున్న అధికారి, వకీలు, ఆడిటర్ మన మాటను నవ్వుతో తూచరు, రికార్డుతో తూచుతారు. "సార్, మా కట్టు సరిగా లేదు" అని మనమే మన ఫార్వర్డింగ్ నోట్ మీద రాసి సంతకం పెట్టిన తర్వాత, సరుకు చెడిపోయిందని ఎవరి మీద క్లెయిమ్ వేస్తారు?

ఇది ఉత్త ఉపమానం అనుకోవద్దు. జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఊరు, ఆఫీసు, మనుషుల పేర్లు అవసరం లేదు. ఉత్తరాన ఒక జిల్లాలో, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉన్న ఒక బడిలో తెలుగు టీచరు రిటైరై పోయినారు. ఆ స్థానం నింపమని అడగడానికి అక్కడి మన సంఘంవాళ్ళు నలుగురు విద్యాశాఖ ఆఫీసుకు పోయినారు. చేతిలో 46 మంది పిల్లల తల్లిదండ్రుల సంతకాలు ఉన్నాయి. "మా బిడ్డ మాతృభాష తెలుగు" అని ఒక్కొక్కరు విడివిడిగా రాసి ఇచ్చిన కాగితాలు.

ఆ 46 అంకె ఎందుకు బలమైందో తెలుసుకోవాలి. రాజ్యాంగం 350ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని చెప్తుంది. దీనికి లెక్క అంతకు ముందే ఉంది. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల మహానాడు ఒక తీర్మానం చేసింది. బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలు ఉంటే టీచరును ఇవ్వాలి. మాతృభాష ఏది అంటే, తల్లి తండ్రి లేదా సంరక్షకుడు ఏది అని ప్రకటిస్తే అది. అంటే పరీక్ష లేదు, ఇంటికి వచ్చి విచారణ లేదు. ప్రకటనే ఆధారం. మనవాళ్ళ చేతిలో ఉన్నది ఆ ప్రకటనే, 40కి పైన ఆరు ఎక్కువగా.

అధికారి మర్యాదగానే కూర్చోబెట్టినారు. వచ్చినవాళ్ళలో హాస్యానికి పేరుబడిన ఒకాయన ముందు మాట అందుకున్నారు. సంఘం మేడ మీద చప్పట్లు తెచ్చిపెట్టే మాటే అక్కడా విసిరినారు: "సార్, తెలుగువాళ్ళమని చెప్పుకోవడమే గాని మేము మాట్లాడేది సగం అరవమే. మా పిల్లలకు తెలుగు రాదు, దానికేం, మాకే రాదు!" అందరూ నవ్వినారు. అధికారి కూడా నవ్వి టీ తెప్పించినారు. బయటికి వచ్చి "ఆఫీసరు మంచి మూడ్‌లో ఉన్నాడు, పని అయినట్టే" అనుకున్నారు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. అందులో ఉన్న భావం ఇది: పిల్లల ఇళ్ళలో తెలుగు వాడుక పరిమితమని ప్రతినిధులే తెలియజేసినందున, ఇంటింటి పరిశీలన తర్వాత నిర్ణయం. చూసినారా? ప్రకటనే చాలు అన్న చోటికి పరిశీలన వచ్చి కూర్చుంది. తలుపు తెరిచింది ఎవరు? మనమే. ఆ అధికారిని నేను తిట్టను. ఆయన పని ఫైలు నడపడం. ఆయన విన్నది ఆయన రాసినాడు. నవ్వును ఫైలులో పెట్టే కాలం లేదు. మాటను పెట్టే కాలం ఉంది.

తర్వాత లెక్క చూడండి. పరిశీలనలో ఆ విద్యా సంవత్సరం గడిచిపోయింది. ఐదో తరగతిలో ఉన్న 11 మంది బడి దాటి పోయినారు. 46లో 11 పోతే 35. కొత్తగా ఒకటో తరగతిలో చేరిన తెలుగు పిల్లలు ఐదుగురే, టీచరు లేని బడికి ఎవరు పంపుతారు? 40. ఎదురు చూసి విసిగిన ఆరుగురు తల్లిదండ్రులు పిల్లల్ని ఇంగ్లీషు మీడియంకు మార్చినారు. 34. పదిమంది ఉన్న తరగతి ఆ ఐదో తరగతి ఒక్కటే, అది పోయింది. మిగతావాటిలో ఎనిమిది, తొమ్మిది. అంటే బడి లెక్కా లేదు, తరగతి లెక్కా లేదు. రెండు నిమిషాల నవ్వుకు ఒక టీచరు పోస్టు.

ఇప్పుడు నాకు వచ్చే మూడు ఎదురు మాటలకు జవాబు చెప్పాలి.

మొదటిది, "నవ్విస్తే అధికారి మెత్తబడతాడు కదా." మెత్తబడతాడు, నిజమే. మెత్తబడినవాడు టీ ఇస్తాడు. సంతకం పెట్టాలంటే వాడికి కావలసింది మెత్తదనం కాదు, ఆధారం. రేపు పై అధికారి "దేని మీద మంజూరు చేసినావు" అని అడిగితే, "వాళ్ళు సరదా మనుషులు" అని రాయలేడు. నవ్వించాలంటే నవ్వించండి, వద్దనలేదు. మనం అడగడానికి వచ్చిన విషయం మీద నవ్వించవద్దు. ఆఫీసు మెట్లు ఎక్కలేని మోకాళ్ళ మీద నవ్వించండి. తెలుగు టీచరును అడగడానికి పోయి తెలుగు మీద నవ్వించేది హాస్యం కాదు. వియ్యాలవారి ముందు సొంత బిడ్డను నగుబాటు చేయడం.

రెండోది, "వినయం మన సంస్కారం." వినయానికీ దీనికీ సంబంధం లేదు. ఉన్నదాన్ని తక్కువ మాటల్లో చెప్పడం వినయం. ఉన్నదాన్ని లేదు అని చెప్పడం అబద్ధం, అది నవ్వుతూ చెప్పినా అబద్ధమే. "మాకు తెలుగు రాదు" అన్న ఆ పెద్దాయన ఇంట్లో భార్యతో, మనవలతో తెలుగులోనే మాట్లాడతారు. శుభలేఖ తెలుగులో వేయిస్తారు. త్యాగరాజస్వామి తిరువైయారులో ఉండి ఎక్కువ కీర్తనలు తెలుగులోనే కట్టినాడు. ఆ నేలకు చెందిన మనిషి "మాకు తెలుగు రాదు" అనడం ఏ రకం వినయం?

మూడోది కొంచెం తెలివైన మాట. "మన లోపాన్ని మనమే ముందు చెప్పుకుంటే ఎదుటివాడు ఎత్తి చూపలేడు." ఇది మన సభలో నిజం. మన సభలో అందరికీ మనం తెలుసు. ముప్పై ఏళ్ళుగా మన పని చూసినారు. అక్కడ ఆ మాట కిండల్‌గానే మిగులుతుంది. కొత్త ఆడిటర్‌కు మనం తెలియదు. సంఘం కోశాధికారి ఆయన ముందు ఓచర్ల కట్ట పెట్టి "నాకు లెక్కలంటే ఒళ్ళు మంట సార్, ఏదో నెట్టుకొస్తున్నా" అంటే ఏమవుతుంది? ఎత్తి చూపడం ఆగదు, అప్పుడే మొదలవుతుంది. అంతవరకు పదింట్లో ఒక ఓచరు చూసే మనిషి, ఆ మాట విన్న తర్వాత పదీ చూస్తాడు. చూడాలి కూడా, అది ఆయన వృత్తి. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా ఒక రోజు పని మూడు రోజులవుతుంది, చివరకు నివేదికలో ఒక అనుమానపు వాక్యం మిగులుతుంది.

అయితే లోపం నిజంగా ఉంటే దాచాలా? దాచకూడదు. చెప్పే తీరు వేరే ఉంది. దీనికి మన తమిళ మీడియంవాళ్ళ సంగతే తీసుకుంటాను. తమిళంలో 'క' ఒక్క అక్షరమే. తెలుగులో దానికి బదులు క, ఖ, గ, ఘ నాలుగు ఉన్నాయి. చ వర్గం, ట వర్గం, త వర్గం, ప వర్గం, అన్నీ అంతే. కాబట్టి తమిళ బడిలో చదివి, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవాడికి ఒత్తులు తడబడతాయి. 'భ' బదులు 'ప' పడుతుంది, 'ధ' బదులు 'ద' పడుతుంది. ఇది అవమానం కాదు, కారణం ఉన్న సంగతి.

మనలో ఒకరు పత్రికకు కథ పంపుతూ పైన ఒక ఉత్తరం పెట్టినారనుకోండి. ఒక రకం ఉత్తరం ఇట్లా ఉంటుంది: "నా అరవ తెలుగు చూసి నవ్వకండి, ఏదో పిచ్చి రాత." సంపాదకుడు కథను కథగా చదవడు. తప్పుల కోసం పెన్సిల్ పట్టుకుని చదువుతాడు. రచయితే పిచ్చి రాత అన్న తర్వాత ఆయన ఎందుకు గౌరవించాలి? ఇంకో రకం ఉత్తరం ఇట్లా ఉంటుంది: "నేను తమిళ మాధ్యమంలో చదివినాను. ఒత్తక్షరాలు ఒక తెలుగు ఉపాధ్యాయుడి చేత దిద్దించినాను. సంభాషణల్లో మాత్రం మా ప్రాంతపు మాట ఉన్నది ఉన్నట్టు ఉంచినాను, దయచేసి దాన్ని మార్చవద్దు." లోపం రెండింటిలోనూ ఒకటే. మొదటిదానిలో లోపానికి కొలత లేదు, మందు లేదు. రెండోదానిలో ఎంత లోపమో, దానికి ఏం చేసినామో, ఏది లోపం కాదో, మూడూ ఉన్నాయి. రెండో ఉత్తరం రాసినవాణ్ణి సంపాదకుడు పని తెలిసిన మనిషిగా చూస్తాడు. ఫార్వర్డింగ్ నోట్ భాషలో చెప్పాలంటే, "కట్టు బాగాలేదు" అని రాయడం వేరు, "ఒక మూట కట్టు వదులైంది, మళ్ళీ తాడు వేసి కట్టినాము" అని రాయడం వేరు.

మన చిన్నవాళ్ళ గురించి ఒక మాట చెప్పకపోతే ఈ రాత సగమే. ఈ అలవాటు పెద్దవాళ్ళకంటే వాళ్ళకు ఎక్కువ నష్టం చేస్తుంది. మన కుర్రవాడు ఒకడు వకీలు. మంచి తెలివి, మంచి చమత్కారం. సంఘంలో తనను తాను "కేసులు లేని వకీలు" అని పిలుచుకుంటాడు. కోర్టు వరండాలో నల్లకోటు ఆరేసుకోవడమే తన ప్రాక్టీసు అని రాస్తాడు. వందలమంది చదివి నవ్వుతారు. పెళ్ళిలో అందరూ గుర్తు పట్టి భుజం తడతారు. పేరు బ్రహ్మాండంగా వచ్చింది. కానీ సంఘంలో ఒకరికి ఇంటి స్థలం తగాదా వచ్చినప్పుడు, ఇంకొకరికి వీలునామా రాయించాల్సి వచ్చినప్పుడు, ఆ కుర్రవాడిని పిలిచినారా? పిలవలేదు. "పాపం, వాడికి కేసులు లేవు కదా, అనుభవం ఉండదు" అన్నారు. వాడు పేరు కట్టుకున్నాడు, ఆ పేరే వాడి వృత్తికి గోడ కట్టింది. డాక్టరుగారి స్కూటర్ హాస్యానికీ వీడి నల్లకోటు హాస్యానికీ తేడా ఇదే. ముప్పై ఏళ్ళ పని వెనక ఉన్నవాడు ఏ మూల తగ్గినా నిలబడతాడు. మొదటి మెట్టు మీద ఉన్నవాడు తన వృత్తినే వెక్కిరించుకుంటే, జనం దాన్ని నిజమనే తీసుకుంటారు. వాళ్ళకు వేరే ఆధారం లేదు కదా. తమ్ముడూ, నీ వంట మీద, నీ క్రికెట్ మీద, నీ రాలిపోయే జుట్టు మీద ఎంతైనా రాసుకో. నల్లకోటును మాత్రం వదిలిపెట్టు.

వేసిన హాస్యం మేలు చేసిందో కీడు చేసిందో అక్కడికక్కడే ఎట్లా తెలుసుకోవాలి? నవ్వును చూడకండి, నవ్వు అందరూ నవ్వుతారు. నవ్వు తర్వాత వచ్చే ప్రశ్నను చూడండి. ఎదుటివాడు ఇంకొంచెం లోతైన ప్రశ్న వేస్తే, "ఏ తరగతిలో ఎంతమంది?" "ఈ కాగితం తేదీ ఎప్పటిది?" అంటే, మిమ్మల్ని తెలిసిన మనిషిగా లెక్కలో వేసినాడు. ప్రశ్న తేలికైపోతే, గొంతు నెమ్మదించి చిన్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్తే, మీ వైపు కాకుండా మీ పక్కవాడి వైపు తిరిగితే, "మీలో ఈ విషయం తెలిసినవారు ఎవరు?" అని అడిగితే, అప్పుడే బండి పట్టాలు మారిందని అర్థం. వెంటనే హాస్యం ఆపి కాగితం తీయండి. ఇంకో జోకు వేసి సర్దుకుందామని చూస్తే ఇంకొంచెం లోతుకు పోతారు.

వచ్చే నెల మన సంఘం ప్రతినిధులు మళ్ళీ ఒక ఆఫీసుకు పోతున్నారు. కార్యవర్గానికి నా కోరిక ఇది. మొదటి మాట ఎవరు మాట్లాడాలో ఇంటి నుంచి బయలుదేరే ముందే నిర్ణయించండి. ఆ మొదటి మాటలో మూడే ఉండాలి: మనం ఎవరము, ఎంతమందిమి, ఏ ఆధారం మీద ఏమి అడుగుతున్నాము. కాగితాలు బల్ల మీద పెట్టి, అధికారి చదివి, ఒక ప్రశ్న వేసి, దానికి జవాబు చెప్పిన తర్వాత, మన హాస్యగాడు ఎంతైనా నవ్వించవచ్చు. భాష మీద మాత్రం కాదు. పోయివచ్చినవాళ్ళు అదే రోజు సాయంత్రం, ఎవరు ఏమన్నారో ఒక కాగితం మీద రాసి కార్యదర్శికి ఇవ్వాలి. హాస్యంతో సహా రాయాలి. మాట కాగితం మీదికి వచ్చినప్పుడు ఎట్లా కనిపిస్తుందో ఒక్కసారి మన చేతితో రాసి చూస్తే, ఇంత పొడుగు ఉపదేశం నేను రాయనక్కరలేదు.

ఇక మేడ మీద, మనవాళ్ళ నడుమ, ఉగాది పచ్చడి తింటూ "మాది అరవ తెలుగే" అనుకుని నవ్వుకుందాం. అక్కడ ఆ మాట తీపి. దాన్ని మెట్లు దిగనివ్వవద్దు.